ఏడుకు ఏడు ఎవరి ఇల్లు?

అమ్మాయి జాతకం తెచ్చి, “మా అల్లుడి ఉద్యోగం ఎలా ఉంటుందండీ?” అని తల్లి అడిగితే, సిద్ధాంతిగారి వేలు చక్రంలో నాలుగో ఇంటి మీద ఆగుతుంది. నాలుగంటే తల్లి, ఇల్లు, వాహనం కదా, ఉద్యోగానికి పదో ఇల్లు చూడాలి కదా అని కొంచెం తెలిసినవాళ్లకు అనుమానం వస్తుంది. నిజానికి ఆయన చూస్తున్నదీ పదో ఇల్లే. కాకపోతే ఆ పదిని అమ్మాయి లగ్నం నుంచి కాక, భర్తను సూచించే ఏడో ఇంటి నుంచి లెక్కపెట్టారు.

ఒక భావాన్ని లగ్నంగా పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కించే ఈ పద్ధతికి మూలం ‘భావాత్ భావం’ అనే సూత్రం. లగ్నం నుంచి ఒక భావం ఎంత దూరంలో ఉందో, ఆ భావం నుంచి మళ్లీ అంతే దూరంలో ఉన్న ఇల్లు దానికి తోడుగా పనిచేస్తుందని అర్థం. ఐదుకు ఐదు తొమ్మిది. ఏడుకు ఏడు లగ్నమే. భార్యకు భర్త ఎవరు? జాతకుడే కదా!

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది లెక్క దగ్గరే. ఏడుకు ఏడు కలిపి పద్నాలుగు, అందులోంచి పన్నెండు తీసేస్తే రెండు అంటారు. బయలుదేరిన ఇంటిని కూడా ఒకటిగా లెక్కపెట్టాలి. ఏడో ఇంటిని ఒకటి అనుకుని వేలితో జరుపుకుంటూ పోతే ఏడో లెక్క లగ్నం మీదే పడుతుంది.

ఇప్పుడా తల్లి అడిగిన ప్రశ్నకే వద్దాం. అమ్మాయిది కర్కాటక లగ్నం అనుకుందాం. లగ్నంలో గురువు ఉచ్చలో, ఏడో ఇల్లయిన మకరంలో శని స్వక్షేత్రంలో, తొమ్మిదో ఇల్లయిన మీనంలో శుక్రుడు ఉచ్చలో ఉన్నారు. ముందు ఏడో ఇల్లు చూస్తే, భావాధిపతి శని తన ఇంట్లోనే ఉన్నాడు. ఏడుకు ఏడైన లగ్నంలో ఉన్న గురువు నేరుగా ఆ ఇంటినే చూస్తున్నాడు. అంటే మూల భావానికీ తోడు భావానికీ బలం ఉంది. కళత్ర స్థానం గట్టిదని చెప్పడానికి ఇది ఆధారం.

ఇక మకరాన్ని లగ్నం చేసుకుంటే చక్రం మరోలా కనిపిస్తుంది. కర్కాటకానికి శుక్రుడు నాలుగు, పదకొండు ఇళ్ల అధిపతి, అంత మెచ్చుకునే గ్రహం కాదు. అదే శుక్రుడు మకరానికి ఐదు, పది ఇళ్ల అధిపతి, ఏకంగా యోగకారకుడు. అల్లుడి ఉద్యోగాన్ని చూపే తుల ఆ శుక్రుడిదే, ఆయన ఉచ్చలో ఉన్నాడు. గురువు విషయం దీనికి పూర్తిగా తలకిందులు. అమ్మాయికి ఆయన భాగ్యాధిపతి. అల్లుడి వైపు నుంచి చూస్తే మూడు, పన్నెండు ఇళ్ల అధిపతి. అందుకే అమ్మాయికి మంచి చేసే గ్రహం అల్లుడికీ అంతే మంచి చేస్తుందని అనుభవమున్నవాళ్లు తొందరపడి చెప్పరు.

శాస్త్రంలో ఈ లెక్క బాగా స్థిరపడిన చోటు ఆయుర్దాయం. ఎనిమిది ఆయుస్థానం. దానికి ఎనిమిదో ఇల్లు మూడు, కాబట్టి మూడు కూడా ఆయుస్థానమే. ఒక ఇంటికి పన్నెండో ఇల్లు దాని వ్యయం. మూడుకు పన్నెండు రెండు, ఎనిమిదికి పన్నెండు ఏడు. రెండు, ఏడు మారక స్థానాలు అయ్యాయంటే కారణం ఇదే. ‘లఘు పారాశరి’ వీటిని చెప్పిన తీరూ ఇదే.

చిక్కు ఎక్కడంటే, ఈ తాడు పట్టుకుని ఎంత దూరమైనా పోవచ్చు. మరిది కొడుకు ఉద్యోగం కావాలన్నా ఏదో ఒక ఇల్లు దొరుకుతుంది. ఉన్నవి పన్నెండే కాబట్టి ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో బంధువులు వచ్చి చేరతారు. రెండో పెళ్లికి కొందరు రెండో ఇల్లు చూస్తారు, ఇంకొందరు తొమ్మిది చూస్తారు, ఎవరి లెక్కకు వాళ్ల కారణం ఉంది. జరిగిపోయినదాన్ని సమర్థించాలంటే ఏదో ఒక దారి తప్పక కలుస్తుంది. జయంత్ నార్లికర్ బృందం 2008లో చేసిన పరీక్షలో 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూసి, ఏది చురుకైన పిల్లలది, ఏది మానసిక ఎదుగుదల లేని పిల్లలది అని చెప్పాల్సి వచ్చింది. సరైన జవాబులు 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం వస్తాయి. ఆ పరీక్ష భావాత్ భావం మీద ప్రత్యేకంగా చేసింది కాదు గానీ, జాతకాన్ని నమ్మి నిర్ణయం తీసుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్కే.

పద్ధతిగా చూసే పండితులు అందుకే తమకు తాము కొన్ని గీతలు గీసుకుంటారు. ముందు మూల భావం, దాని అధిపతి, కారకుడు చూస్తారు. భర్త విషయానికి కారకుడు గురువు. తరువాతే తోడు భావం వంక చూస్తారు. మూలం బలహీనంగా ఉంటే తోడు ఎంత గట్టిగా ఉన్నా దానితో ఫలితం చెప్పరు. రెండు మెట్లు దాటి లెక్కపెట్టరు. అల్లుడి సంగతి గట్టిగా తెలియాలంటే ఆయన జాతకమే తెమ్మంటారు.