ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో జరిగిన సంగతి చెప్పే పద్ధతి

"మీ బృందంలో ఒకరు తమ వంతు పని చేయనప్పుడు మీరేం చేశారో చెప్పండి." ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల్లో సబ్జెక్టు ప్రశ్నలతో పాటు ఇలాంటివీ తరచూ ఎదురవుతాయి. గడువు దగ్గరపడ్డాక పని పూర్తిచేసిన సందర్భం, పొరపాటు చేసి దిద్దుకున్న సందర్భం, ఎవరూ చెప్పకుండానే పూనుకుని చేసిన పని... విషయం ఏదైనా అడిగే తీరు ఒకటే. "ఏం చేస్తారు" అని కాదు, "ఏం చేశారు" అని. వీటిని బిహేవియరల్ ప్రశ్నలంటారు. ఓపిక ఉందా అని అడిగితే లేదనేవాళ్లెవరూ ఉండరు. ఓపిక పట్టాల్సి వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పమంటే మాత్రం అసలు సంగతి కొంతైనా బయటపడుతుంది.

ఈ ఆలోచన పాతదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యపు వైమానిక విభాగంలో పైలట్ల ఎంపికపై పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్, ఒక పనిలో మనుషులు నెగ్గిన, తప్పిన నిర్దిష్ట సంఘటనలను సేకరించి విశ్లేషించే పద్ధతిని 1954లో ప్రచురించాడు. 1982లో టామ్ జాంజ్ అనే పరిశోధకుడు, గతంలో చేసిన పనుల గురించి ఒక క్రమంలో అడిగే ఇంటర్వ్యూలు, నోటికొచ్చిన ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూల కన్నా పనితీరును బాగా అంచనా వేస్తున్నాయని చూపాడు. ఆ మధ్యకాలంలోనే, 1970ల్లో, పిట్స్‌బర్గ్ దగ్గరి డెవలప్‌మెంట్ డైమెన్షన్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 'స్టార్' పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాల కూర్పు అది. అంటే సందర్భం, అందులో మనపై పడిన బాధ్యత, మనం చేసిన పని, దాని ఫలితం. మొదట ఇది ఇంటర్వ్యూ చేసేవాళ్ల కోసం పుట్టిన సాధనం. అభ్యర్థి జవాబులో ఏ ముక్క లోపించిందో గమనించి దాన్ని రాబట్టడానికి పనికొచ్చేది. అభ్యర్థులు దాన్ని అందిపుచ్చుకోవడం తర్వాతి సంగతి. ఇప్పుడు అమెజాన్ లాంటి కంపెనీలు జవాబులు ఈ పద్ధతిలోనే సిద్ధం చేసుకోమని తామే అభ్యర్థులకు చెబుతున్నాయి.

ఈ పుట్టుక గుర్తుంటే జవాబు ఎలా ఉండాలో సగం అర్థమైనట్టే. ఎదుటి కుర్చీలోని మనిషి జవాబు వింటూ కాగితం మీదో ల్యాప్‌టాప్‌లోనో రాసుకుంటుంటారు. తర్వాత ఆ రాతను బట్టే బృందంతో కలిసి పనిచేయడం, బాధ్యత తీసుకోవడం లాంటి అంశాలకు మార్కులు వేస్తారు. రాసుకోవడానికి వీలైన పని ఏదీ జవాబులో దొరక్కపోతే, మాట ఎంత చక్కగా ఉన్నా మార్కు వేయడానికి ఆధారం ఉండదు.

మొదట చెప్పిన ప్రశ్ననే తీసుకుందాం. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే ఒక విద్యార్థిని ఇలా జవాబిచ్చిందనుకుందాం: "మా మినీ ప్రాజెక్టులో నలుగురం ఉన్నాం. ఒకతను సరిగ్గా పని చేయలేదు. మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం, అందరం కష్టపడ్డాం, చివరికి ప్రాజెక్టు బాగా వచ్చింది. బృందంలో మాటామంతీ ముఖ్యమని నేర్చుకున్నాను."

ఇందులో అబద్ధం ఏమీ లేకపోవచ్చు. కానీ రాసుకోవడానికీ ఏమీ లేదు. ప్రాజెక్టు ఏమిటో తెలియదు, గడువు ఎంత దగ్గర ఉందో తెలియదు. అన్నిటికన్నా పెద్ద లోపం, కూర్చుని మాట్లాడుకున్న నలుగురిలో ఆమె చేసిందేమిటో తెలియకపోవడం. నలుగురి పనిని తన ఖాతాలో వేసుకోకూడదన్న సంస్కారంతో మన విద్యార్థులు చాలామంది "మేము" దగ్గరే ఆగిపోతారు. బయట అది మంచి గుణమే. కానీ ఇంటర్న్‌షిప్ ఇస్తున్నది బృందానికి కాదు, ఎదురుగా కూర్చున్న ఒక్కరికే. అందుకే సందర్భం చెప్పేటప్పుడు "మేము", చేసిన పని దగ్గరకు వచ్చాక "నేను" అనడం సరైన పద్ధతి.

అదే అనుభవాన్ని విడదీసి చెబితే ఇలా ఉంటుంది: "ఆరో సెమిస్టర్‌లో నలుగురం కలిసి కాలేజీ లైబ్రరీ కోసం ఒక వెబ్‌సైట్ చేస్తున్నాం. ఏ పుస్తకం ఖాళీగా ఉందో అందులో చూసుకోవచ్చు, ముందుగా రిజర్వ్ చేసుకోవచ్చు. రివ్యూకి పది రోజులుందనగా లాగిన్ భాగం ఇంకా మొదలే కాలేదని తెలిసింది. అది లేకపోతే మిగతా ముగ్గురి పనీ చూపించలేం. టీమ్ లీడర్‌గా రివ్యూ నాటికి నడిచే వెబ్‌సైట్ చూపించే బాధ్యత నాది."

ఇక్కడికి సందర్భం, బాధ్యత అయిపోయాయి. పైకి చదివితే అర నిమిషం పట్టదు, పట్టకూడదు కూడా. చాలా జవాబులు చెడేది ఇక్కడే. కాలేజీ పేరు, గైడ్ స్వభావం, ప్రాజెక్టు ఎంచుకున్న కథ అంతా చెప్పుకుంటూ పోయేసరికి వినేవాళ్ల ఓపిక ముందే ఖర్చయిపోతుంది. మొత్తం జవాబు రెండు నిమిషాలనుకుంటే, అందులో సగానికి పైగా తర్వాతి భాగానికి దక్కాలి.

"ముందు అతన్ని గ్రూపులో అడగకుండా విడిగా కలిశాను. డేటాబేస్ కనెక్షన్ దగ్గర వారం నుంచి ఆగిపోయాడని, అడగడానికి మొహమాటపడ్డాడని అప్పుడు తెలిసింది. లాగిన్ నేను తీసుకుని, నేను చేస్తున్న సెర్చ్ పేజీ అతనికిచ్చాను, ఎందుకంటే అతనికి ఆ భాష బాగా వచ్చు. పది రోజుల్లో రిజర్వేషన్ భాగం కూడా పూర్తి కాదని లెక్కవేసి, ఆ సంగతి రివ్యూ రోజున కాకుండా అదే వారం గైడ్‌కి చెప్పాను. రోజూ సాయంత్రం కాసేపు నలుగురం కలిసి ఆ రోజు ఏది అయింది, ఏది కాలేదన్నది ఒక షీట్‌లో రాసుకునేలా చేశాను. రివ్యూలో లాగిన్, సెర్చ్ రెండూ పనిచేశాయి. రిజర్వేషన్ లేనందుకు కొన్ని మార్కులు తగ్గాయి, యాభైకి నలభై రెండు వచ్చాయి. సెర్చ్ పేజీని అతనే చూపించాడు. తర్వాతి ప్రాజెక్టులో ఆ షీట్ మొదటి వారం నుంచే పెట్టాం."

ఈ జవాబుకు బలం ఇచ్చింది ఆమె సాధించిన మార్కులు కాదు, ఆమె తీసుకున్న నిర్ణయాలు. విడిగా మాట్లాడటం, పని మార్చుకోవడం, ఒక భాగాన్ని వదులుకోవడం, ఆ వదులుకున్న సంగతిని ముందే చెప్పడం. ప్రతి నిర్ణయం దగ్గరా ఇంకో దారి కూడా ఉంది. అతని పని కూడా తానే చేసేసి ఊరుకోవచ్చు, గైడ్‌కి ఫిర్యాదు చేయవచ్చు. ఆ దారి ఎందుకు పట్టలేదన్నది ఒక్క ముక్కలో చెప్పగలిగితే యాక్షన్ భాగం నిండుగా ఉంటుంది.

అనుబంధ ప్రశ్నలు వచ్చేదీ సరిగ్గా అక్కడే. "నేరుగా గైడ్‌కి ఎందుకు చెప్పలేదు?", "మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారా?", "మళ్లీ అదే జరిగితే ఏం మారుస్తారు?" అని తవ్వుతారు. నిజంగా జరిగిన సంగతైతే వీటికి జవాబు జ్ఞాపకంలోనే ఉంటుంది. సీనియర్ దగ్గర అరువు తెచ్చుకున్న కథ రెండో ప్రశ్నకే తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో పేరాలు పేరాలు బట్టీపట్టడం వల్ల వచ్చే చిక్కు కూడా ఇలాంటిదే. ఒక వాక్యం మరిచిపోతే తర్వాతిదేదీ గుర్తురాదు, మధ్యలో ప్రశ్న అడిగితే ఎక్కడ ఆపారో తెలియదు. ప్రతి అనుభవానికీ నాలుగైదు ముక్కలు మాత్రమే రాసిపెట్టుకుని, ఆ ముక్కల ఆధారంగా ప్రతిసారీ కొత్తగా చెప్పడం సాధన చేస్తే ఈ బెడద ఉండదు.

ఇంతవరకు ఎక్కడా పని చేయనివాళ్ల దగ్గర చెప్పడానికి ఏముంటుందన్న సందేహం సహజం. ఉదాహరణకు బీకాం చదివే ఒక అబ్బాయి ఇంట్లో కిరాణా కొట్టు ఉందనుకుందాం. అరువు లెక్కలు నోటుబుక్కులో ఉంటాయి, ఎవరు ఎప్పటి నుంచి బాకీ ఉన్నారో పేజీలు తిరగేస్తేగాని తెలియదు. అతను ఆ లెక్కలన్నీ ఫోన్‌లో ఒక షీట్‌లోకి ఎక్కించి, రెండు నెలలు దాటిన బాకీలు వేరే రంగులో కనబడేలా చేశాడు. వాళ్ల నాన్న ప్రతి ఆదివారం ఆ జాబితా చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. పనిని మెరుగుపరిచిన సందర్భం చెప్పమంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. అయితే ఫలితం దగ్గర "చాలా ఉపయోగపడింది" అని వదిలేస్తే పని చెడుతుంది. ముందెలా ఉండేది, తర్వాతెలా ఉందన్నది పక్కపక్కన పెట్టాలి. పాత బాకీలు ఉన్నవాళ్లు ముప్పై మంది ఉంటే మూడు నెలల తర్వాత పన్నెండు మందే మిగిలారు అన్నట్టు. ఆ లెక్క నోటుబుక్కులో వెతికితే దొరుకుతుంది. దొరకనప్పుడు "మా నాన్న పాత పుస్తకం రాయడం మానేశారు" అన్న కళ్లకు కనబడే మార్పు చెప్పినా చాలు. అంకె ఉంటే బాగుంటుందని కల్పించుకున్న "నలభై శాతం" మాత్రం, ఎలా లెక్కగట్టారని అడిగిన మరుక్షణం మిగతా జవాబును కూడా ముంచేస్తుంది.

వైఫల్యం గురించిన ప్రశ్నలో ఈ పద్ధతి కొంచెం వంకర తిరుగుతుంది. "నేను మరీ ఎక్కువ కష్టపడతాను, అదే నా లోపం" తరహా జవాబును అడిగేవాళ్లు ఇప్పటికే ఎన్నోసార్లు విని ఉంటారు. ఎన్ఎస్ఎస్ తరఫున రక్తదాన శిబిరం పెట్టిన విద్యార్థి, ఇంటర్నల్ పరీక్షల తేదీలు చూసుకోకపోవడంతో అనుకున్నవారిలో సగం మంది కూడా రాలేదని ఒప్పుకుంటే అది నిజమైన వైఫల్యం. ఇక్కడ ఫలితం చెడ్డదే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ దాని తర్వాత ఒక మెట్టు ఎక్కాలి. తర్వాతి శిబిరానికి ముందు పరీక్షల విభాగం దగ్గరకెళ్లి తేదీలు తెలుసుకుని, తరగతుల ప్రతినిధులతో సరిచూసుకున్నాడు అన్నంత నిర్దిష్టంగా ఆ మార్పు ఉండాలి. "ప్రణాళిక ముఖ్యమని నేర్చుకున్నాను" అని ఆపితే ఏమీ చెప్పనట్టే.

సంసిద్ధతకు పదుల కొద్దీ కథలు అక్కర్లేదు. ఐదారు అనుభవాలు చాలు, ఎందుకంటే ఒకే అనుభవం రెండు మూడు ప్రశ్నలకు పనికొస్తుంది. పైన చెప్పిన లైబ్రరీ వెబ్‌సైట్ కథ విభేదానికీ సరిపోతుంది, గడువుకూ సరిపోతుంది. గడువు గురించి అడిగితే రిజర్వేషన్ భాగం వదులుకున్న నిర్ణయాన్ని ముందుకు తెచ్చి, స్నేహితుడితో మాట్లాడిన ముక్కను కుదించాలి. కథ అదే, వెలుగు పడే చోటు వేరు. అయితే ఒకే ఇంటర్వ్యూలో అదే కథను రెండుసార్లు చెబితే, చెప్పుకోవడానికి వేరే ఏమీ లేదన్న అభిప్రాయం కలుగుతుంది.

అన్ని ప్రశ్నలకూ స్టార్‌ను తగిలించడం కూడా పొరపాటే. "మీ గురించి చెప్పండి" అన్నదానికి అది కుదరదు. అక్కడ ఏం చదువుతున్నారు, ఏ పని మీద ఆసక్తి, ఈ ఇంటర్న్‌షిప్ ఎందుకు అన్నవి చాలు. "కస్టమర్ కోపంగా ఫోన్ చేస్తే ఏం చేస్తారు" అన్నది జరగని సంగతి గురించిన ప్రశ్న. దానికి ముందు ఏం కనుక్కుంటారో, తర్వాత ఏం చేస్తారో వరుసగా చెప్పి, అలాంటిది నిజంగా ఎదురైన సందర్భం ఉంటేనే చివర్లో దాన్ని క్లుప్తంగా జోడించాలి. "ఏం చేశారు" అని అడిగినదానికి తగిన అనుభవం నిజంగా లేనప్పుడు, అలాంటిది ఇంకా ఎదురుకాలేదని చెప్పి దానికి దగ్గరి సందర్భం ఒకటి చెప్పవచ్చా అని అడగవచ్చు. చాలామంది సరేనంటారు.