సప్లయర్ ఇచ్చిన బంగారాన్ని మనసు నొప్పించకుండా తిరిగివ్వడం ఎలా?

ఈరోజు కాస్త ఇబ్బందిగా ఉండే విషయం మాట్లాడుకుందాం.

మన నెల్లూరు తీరంలోనే ఒక ఉదాహరణ అనుకోండి. మీరు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పర్చేజ్ చూస్తున్నారు. అట్టపెట్టెలు సప్లై చేసే ఆయన సంక్రాంతికి, మీరు లేనప్పుడు, ఇంట్లో ఒక సంచి ఇచ్చి వెళ్లాడు. తెరిస్తే మలై కాజా డబ్బా, వెంకటగిరి జరీ చీర, 10 గ్రాముల బంగారు నాణెం.

ఆయన ప్రేమతోనే ఇచ్చుండొచ్చు. కానీ వచ్చే నెల మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో ఆ పెట్టెలు తడిసి చిట్లితే, కంప్లైంట్ రాయాల్సింది మీరే. బంగారం బీరువాలో ఉంటే రాయడానికి చెయ్యి రాదు. అసలు చిక్కు అదీ.

అందుకే ఆ రోజే ఫోన్ చెయ్యండి. ఇక్కడ మనం చేసే పెద్ద తప్పు, "అయ్యో, ఇవన్నీ ఎందుకన్నా?" అనడం. మన వైపు పుచ్చుకుంటూ అనే మాట అది! ఆయనకి సరే అన్నట్టే వినిపిస్తుంది. "మా ఆవిడ ఒప్పుకోదు" లాంటి సాకులూ వద్దు. సాకు చెప్తే ఆయన ఇంకో దారి వెతుకుతాడు. ఇలా చెప్పండి:

"అన్నా, పండక్కి గుర్తుపెట్టుకుని ఇంటిదాకా వచ్చారు, చాలా సంతోషం. మొన్న కంటైనర్ వెళ్లే రోజు రాత్రికి రాత్రి పెట్టెలు పంపి మమ్మల్ని గట్టెక్కించారు, అది మర్చిపోను. కాజాలు ఆఫీసులో అందరం తింటాం. బంగారం, చీర మాత్రం ఉంచుకోలేనన్నా. మీ బిల్లులు చూసేది నేనే కదా. రేపు నేనే వచ్చి ఇస్తాను."

చూశారా, మెచ్చుకున్నది వస్తువుని కాదు, ఆయన చేసిన పనిని. అందుకే వస్తువు వెనక్కి వెళ్లినా మెప్పు ఆయన దగ్గరే ఉంటుంది.

కాజాలు ఉంచుకోవచ్చా అంటే, ముందు మీ కంపెనీ రూల్ చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో కూడా ఇలాంటి తేడానే ఉంది. మామూలు భోజనం కానుక కిందికి రాదు. పనిమీద సంబంధం ఉన్నవాళ్ల ఆడంబర ఆతిథ్యం మాత్రం తీసుకోకూడదు.

తిరిగిచ్చేది డ్రైవర్ చేత పంపకండి, మొహాన కొట్టినట్టుంటుంది. మీరే వెళ్లండి. సంచిలో మీ ఇంటి అరిసెలు నాలుగు పెట్టండి. పండగపూట ఇచ్చిన చీర ఊరికే వెనక్కి రావడం ఆ ఇంటివాళ్లకి కష్టంగా ఉంటుంది.

వచ్చాక వాట్సాప్‌లో "నాణెం, చీర ఈరోజు మీకు అందజేశాను, మీ అభిమానానికి థాంక్స్ అన్నా" అని పెట్టి, మీ మేనేజర్‌కీ ఒక మెయిల్ పంపండి. రేపు ఎవరైనా అడిగితే ఆ రెండే సాక్ష్యం.

"ఈసారికి ఉంచండి" అని ఆయన బతిమాలితే? కొత్త కారణాలు చెప్పొద్దు. అదే మాట నవ్వుతూ ఇంకోసారి చెప్పి, టీ తాగి రండి. ఉంటానండీ!