గోంగూర లేబుల్‌కి ఏ ఫైలు?

ఒక గోంగూర పచ్చడి సీసా లేబుల్ తీసుకుందాం. వెడల్పు 4 అంగుళాలు, ఎత్తు 3. పైన పసుపు నేల మీద ఎర్రటి అక్షరాల్లో పచ్చడి పేరు, ఎడమ పక్క గోంగూర కట్ట ఫొటో, మూలన షాపు లోగో. అడుగున బాగా చిన్న నల్ల అక్షరాల్లో దినుసులు: గోంగూర, ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు, వెల్లుల్లి, నూనె, ఉప్పు. ఈ లేబుల్ షాపు వెబ్‌సైట్‌లోకి ఎక్కాలి, ప్రెస్సుకి ప్రూఫ్‌గానూ వెళ్లాలి. డిజైన్ పూర్తయి ఎక్స్‌పోర్ట్ నొక్కగానే జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ అని పేర్లు వరసగా కనిపిస్తాయి. చాలామంది అలవాటుగా మొదటిదాని మీద నొక్కేస్తారు. వాట్సాప్‌లో చూసుకుంటే బాగానే ఉంటుంది. నాలుగు రెట్లు పెద్దది చేసి చూస్తే మాత్రం ధనియాలు కాస్తా దనియాలు అయి ఉంటాయి.

అలా ఎందుకవుతుందో తెలియాలంటే జేపెగ్ లోపల ఏం చేస్తుందో కొంచెం చూడాలి. 1992 నాటి ఈ పద్ధతిని ఫొటోల కోసమే తయారుచేశారు. బొమ్మని అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలుండే గళ్లుగా కోస్తుంది. వెబ్‌సైట్ కోసం మన లేబుల్‌ని 800 బై 600 చుక్కలకి తగ్గిస్తే 7,500 గళ్లవుతాయి. ఒక్కో గడిలో వెలుగు నెమ్మదిగా మారుతోందా, గబగబా మారుతోందా అని కొలిచి, గబగబా మారే భాగాన్ని మోటుగా గుండ్రం చేసి పారేస్తుంది. గోంగూర ఆకు మీద ఆ నష్టం మన కంటికి ఆనదు. అక్షరం సంగతి వేరు. పసుపులోంచి ఒక్కసారిగా ఎరుపులోకి, తెలుపులోంచి నలుపులోకి దూకే అంచే అక్షరం. జేపెగ్ పారేసేది సరిగ్గా దాన్నే. అందుకే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిద రంగు నలుసులు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలు ఈ దెబ్బని కొంత తట్టుకుంటాయి. తెలుగులో ద, ధల మధ్య తేడా ఒక చిన్న గీత. వెల్లుల్లిలో రెండు లావొత్తులు అడుగున ఇరుక్కుని ఉంటాయి. గీత నలుసుల్లో కలిసిపోతుంది, వత్తులు పూడుకుపోతాయి.

దీనికి తోడు ఇంకో పని కూడా జరుగుతుంది. దాన్ని గమనించేవాళ్లు తక్కువ. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత చురుగ్గా రంగులో తేడాని పట్టదు. ఆ ధీమాతో జేపెగ్ వెలుగుని ప్రతి చుక్కకీ రాసుకుంటుంది, రంగుని మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒక్కసారే రాసుకుంటుంది. సాఫ్ట్‌వేర్లలో దీని గుర్తు 4:2:0. పసుపు మీద ఎరుపు రాసినచోట ఆ నాలుగు చుక్కల్లో రెండు ఎరుపు, రెండు పసుపు పడితే రంగు సగటు అయిపోతుంది. ఎరుపు ఇటుక రంగులోకి దిగుతుంది, పక్కనున్న పసుపు వెలిసిన నారింజలోకి జారుతుంది. పేరు చుట్టూ ఒక మురికి అంచు కట్టినట్టుంటుంది. ముదురాకుపచ్చ పట్టీ మీద ఎర్ర అక్షరాలైతే మరీ అన్యాయం. ఆ రెండింటి వెలుగూ ఇంచుమించు ఒకటే కాబట్టి అక్షరం రూపమంతా రంగు తేడా మీదే నిలబడి ఉంటుంది, ఆ రంగునేమో ముందే పల్చన చేసేశాం. క్వాలిటీ పెంచితే ఇది పోతుందనుకుని అంకె పైకి జరుపుతూ పోతారు గానీ, రంగుని కలిపి రాయడం వేరే మీట. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద సబ్‌శాంప్లింగ్ అని ఉంటుంది, అక్కడ 4:4:4 ఎంచుకోవాలి. ఇమేజ్‌మ్యాజిక్ వాడేవాళ్లు ఇలా రాయొచ్చు:

```
magick label.png -sampling-factor 4:4:4 -quality 88 label.jpg
```

ఫైలు కొంచెం బరువవుతుంది, ఎరుపు ఎరుపుగా ఉంటుంది. ఫొటో, అక్షరాలు విడదీయలేనంతగా కలిసిపోయిన బొమ్మకి నేను వాడేది ఇదే.

పీఎన్‌జీ దేన్నీ పారేయదు. జిఫ్ ఫార్మాట్‌లో వాడిన కుదింపు పద్ధతికి పేటెంట్ రుసుము కట్టాలన్న గొడవ లేచాక, దానికి బదులుగా 1996లో వచ్చింది. పక్క చుక్కతో, పై చుక్కతో పోల్చి తేడా ఎంతో మాత్రం రాసుకుంటుంది. పసుపు నేలలో తేడా సున్నా, మళ్లీ సున్నా, మళ్లీ సున్నా. అలాంటి వరసని కుదించడం తేలిక. అందుకే లోగో, అక్షరాలు, చదును రంగులు పీఎన్‌జీలో చక్కగా చిన్నవవుతాయి, ఒక్క చుక్క కూడా చెడదు. అదే గోంగూర కట్ట ఫొటోలో పక్కపక్క చుక్కలు రెండూ ఒకలా ఉండవు, కెమెరా గరుకుతనంతో సహా అన్నిటినీ రాసుకోవాలి. ఫైలు జేపెగ్ కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, చూసేవాడికి అదనంగా కనిపించేదేమీ ఉండదు.

లోగోకి పీఎన్‌జీతో ఇంకో లాభం ఉంది. వెనక నేల లేకుండా, లోగోని మాత్రమే ఉంచొచ్చు. జేపెగ్‌లో ఆ సదుపాయం లేదు, ఖాళీ ఉన్నచోట ఏదో ఒక రంగు పూసేస్తుంది. పసుపు పేజీ మీద తెల్ల డబ్బాలో కూర్చున్న లోగో కనిపిస్తే ఆ లోగో ఎక్కడో ఒకసారి జేపెగ్‌గా మారి వచ్చిందన్నమాటే. ఇక్కడే ఒక మోసం కూడా జరుగుతుంటుంది, కావాలని కాదు లెండి. ప్రెస్సువాళ్లు పీఎన్‌జీ పంపమంటారు, షాపాయన తన ఫోన్లో ఉన్న జేపెగ్‌నే పీఎన్‌జీగా సేవ్ చేసి పంపుతాడు. పోయిన గీత తిరిగి రాదు. పైగా పీఎన్‌జీ ఆ నలుసుల్ని కూడా ఎంతో శ్రద్ధగా భద్రపరుస్తుంది కాబట్టి ఫైలు పెద్దదవుతుంది. పీఎన్‌జీని 400 శాతం పెద్దది చేసి చూసినా అక్షరాల చుట్టూ నలుసులు కనిపిస్తే అది అలాంటిదే. అసలు డిజైన్ ఫైలు అడగాల్సిందే.

వెబ్‌పీని గూగుల్ 2010లో బయటపెట్టింది. ఈ ఒక్క పేరు కింద రెండు ఫార్మాట్లున్నాయని చాలామందికి తెలియదు. ఒకటి వీపీ8 అనే వీడియో పద్ధతి నుంచి వచ్చింది. జేపెగ్‌లాగే కొంత పారేస్తుంది, మామూలుగా అదే నాణ్యతకి జేపెగ్ కంటే చిన్న ఫైలిస్తుంది. రెండోది పీఎన్‌జీలాగా ఏదీ పారేయనిది, పీఎన్‌జీ కంటే చిన్నది. వెనక నేల లేకుండా ఉంచడం రెండింట్లోనూ కుదురుతుంది. మొదటిదానికి వీడియో పుట్టుక వల్ల ఒక గుణం అంటుకుంది: రంగుని ఎప్పుడూ నాలుగు చుక్కలకి కలిపే రాస్తుంది, 4:4:4 అడిగినా ఇవ్వదు. కాబట్టి ఎర్ర అక్షరాలున్న లేబుల్‌ని మామూలు వెబ్‌పీగా మారిస్తే క్వాలిటీ 100 పెట్టినా మురికి అంచు పూర్తిగా పోదు. రంగుల సగటుని కొంచెం జాగ్రత్తగా లెక్కగట్టే మీట ఒకటుంది, దానితో చాలావరకు సర్దుకుంటుంది. మన లేబుల్‌కి ఆదేశాలు ఇలా ఉంటాయి:

```
cwebp -q 80 -sharp_yuv gongura.png -o gongura.webp
cwebp -lossless logo.png -o logo.webp
```

పైది ఫొటోకి, కిందది లోగోకి. అన్నట్టు వెబ్‌పీలో 80, జేపెగ్‌లో 80 ఒకటి కావు, అది శాతమూ కాదు. ఫొటోషాప్‌లో కొన్నిచోట్ల ఆ కొలత 12 దాకానే ఉంటుంది. అంకెని నమ్ముకోకుండా రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి కంటితో చూడడమే దారి. సఫారీ కూడా 2020 నుంచి వెబ్‌పీని చూపిస్తోంది కాబట్టి వెబ్‌సైట్‌లో వాడడానికి ఇప్పుడు సంకోచించక్కర్లేదు.

వెబ్‌సైట్ వరకూ నా సలహా ఏమిటంటే, వీలైతే దినుసుల్ని బొమ్మలో పెట్టకండి. గోంగూర ఫొటో వెబ్‌పీగా, లోగో లాస్‌లెస్ వెబ్‌పీగా లేదా పీఎన్‌జీగా ఇచ్చి, దినుసుల్ని పేజీలో మామూలు అక్షరాలుగా టైపు చేయించండి. ఫోన్లో పెద్దది చేసుకుని చదవొచ్చు, గూగుల్‌లో వెతికితే దొరుకుతాయి. లేబుల్ మొత్తాన్నీ ఒకే బొమ్మగా చూపించక తప్పదంటే అప్పుడు 4:4:4 జేపెగ్ గానీ, కొంచెం బరువైనా లాస్‌లెస్ వెబ్‌పీ గానీ.

ఇక ప్రెస్సు. ఇక్కడ ముందుగా చుక్కల లెక్క చూసుకోవాలి. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు, అంటే 4 బై 3 అంగుళాల లేబుల్‌కి 1200 బై 900. వెబ్‌సైట్ కోసం చేసిన 800 చుక్కల బొమ్మని పంపితే అంగుళానికి 200 పడతాయి. ఫొటో ఎలాగో గట్టెక్కుతుంది, ఆ చిన్న అక్షరాలు గట్టెక్కవు. ఫైలుకి 300 డీపీఐ అని పేరు పెట్టినంత మాత్రాన చుక్కలు పెరగవు కూడా.

చుక్కలు సరిపోయినా అసలు చిక్కు నలుపు దగ్గర వస్తుంది. పీఎన్‌జీ, వెబ్‌పీ రెండూ తెర రంగుల్నే దాచగలవు, అచ్చు యంత్రంలోని నాలుగు సిరాల లెక్క వాటిలో పట్టదు. తెర మీది నిండు నలుపుని ఫొటోషాప్‌లో పాత డిఫాల్ట్ సెట్టింగుతో అచ్చు రంగుల్లోకి మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. అంటే వెల్లుల్లి అన్న మాట నాలుగు ప్లేట్ల మీద నాలుగుసార్లు అచ్చవుతుంది. ఒక ప్లేటు వెంట్రుకవాసి పక్కకి జరిగినా అక్షరం పక్కన గులాబీ గానీ నీలం గానీ నీడ తేలుతుంది, లావొత్తులోని ఖాళీ సిరాతో నిండిపోతుంది. జేపెగ్‌లో నాలుగు సిరాల రంగులు దాచే వీలుంది గానీ, అందులో అక్షరం అంచు పాడవుతుందని చూశాం. అందుకని ప్రెస్సుకి ఈ మూడింట్లో ఏదీ పంపకూడదు. పీడీఎఫ్ పంపాలి. అందులో అక్షరాలు కర్వ్స్‌గానో, ఫాంటు కలిపో ఉండాలి. దినుసులు ఒక్క నల్ల సిరాతోనే ఉండాలి. ఫొటో మాత్రం అందులో మంచి క్వాలిటీ జేపెగ్‌గా కూర్చున్నా నష్టం లేదు. పీడీఎఫ్ చేసేటప్పుడు స్మాలెస్ట్ ఫైల్ సైజ్ అనే ప్రీసెట్ నొక్కితే ఫొటో చుక్కలు తెగ్గోసుకుపోతాయి, దాని జోలికి పోవద్దు.

షాపాయనకి ఫోన్లో అక్షరదోషాలు చూపించడానికైతే అదే పీడీఎఫ్ నుంచి ఒక పీఎన్‌జీ తీసి, వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే సరి. ఫొటోగా పంపితే దారిలో మళ్లీ కుదించేస్తుంది. రంగు సరిపోయిందా లేదా అన్నది ఆ ఫోన్లో తేల్చుకోవద్దు, ప్రెస్సువాళ్లు కాగితం మీద తీసిన ప్రూఫ్‌లోనే తేల్చుకోవాలి.

ప్లేట్లకి పంపే ముందు అక్రోబాట్ ప్రోలో ఔట్‌పుట్ ప్రివ్యూ తెరవండి. నాలుగు సిరాల పేర్లూ టిక్కులతో కనిపిస్తాయి. బ్లాక్ ముందున్న టిక్కు తీసేయండి. దినుసుల వరస మొత్తం మాయమైపోవాలి. ధనియాలు, వెల్లుల్లి ఇంకా మట్టిరంగులో కనిపిస్తూనే ఉంటే అక్షరాలు ఎక్కడో బొమ్మగా మారిపోయాయనో, వాటికి తెర నలుపు అంటుకుని వచ్చిందనో అర్థం. ఫైలుని డిజైనర్‌కి తిప్పి పంపండి.