కాంట్రాక్టు పొడిగించడం లేదని ఉద్యోగికి చెప్పడమెలా?

మన సభ్య సంఘాలలో చాలాచోట్ల ఆటోమేటిక్ పాల సేకరణ యంత్రాలు వచ్చాయి. పాలు తూచడం, వెన్న శాతం చూడడం, చీటీ ఇవ్వడం ఒక్క బల్ల దగ్గరే జరిగిపోతున్నవి. ముగ్గురు చేసిన పని ఇద్దరితో సాగుతున్నప్పుడు, ఆ మూడవ మనిషి తరచు కాంట్రాక్టుపై తీసుకున్న టెస్టరే అవుతాడు. అతని గడువు పొడిగించరాదని పాలకవర్గం తీర్మానించాక, ఆ మాట చెప్పవలసిన భారం అధ్యక్షుని పైన, కార్యదర్శి పైన పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాము. టెస్టరు కాంట్రాక్టు 11 నెలలు. మే 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ఇదివరలో ఏటా ఏప్రిల్ నెల ఆపి, మే నెలలో మళ్ళీ తీసుకున్నారు. అలా మూడుసార్లు జరిగింది. కాగితం మీద గడువు స్పష్టంగానే ఉన్నది. కాని మూడుసార్లు పిలిచిన సంఘం నాలుగవసారీ పిలుస్తుందనే అతడు అనుకుంటాడు. ఎవరూ ఏమీ చెప్పకపోతే మే నెలంతా కబురు కోసం ఎదురుచూస్తాడు; ఈలోగా పొరుగూరిలో దొరికిన పని కూడా వదులుకుంటాడు. గడువు కాగితంలో ఉన్నది గదా అని ఊరుకోవడం అందుకే తగదు. ఇలా ఏళ్ళ తరబడి కొనసాగిన కాంట్రాక్టు అయితే, తీర్మానానికి ముందే జిల్లా యూనియన్ ద్వారా న్యాయ సలహా తీసుకోవడం మంచిది.

ఫిబ్రవరి చివరి వారానికల్లా చెబితే అతనికి నెల రోజులు దొరుకుతాయి. తీర్మానం జరిగిన రోజునో, మరునాడో చెప్పాలి. పాలకవర్గ సభ్యులందరూ పాలు పోసేవారే గనుక, ఆలస్యమైతే ఆ సంగతి అతనికి పాల వరుసలోనే తెలుస్తుంది. ఉదయం సేకరణ ముగిసి, క్యాన్లు కడిగి, జనం వెళ్ళిన తరువాత అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరే అతనిని కూర్చోబెట్టి మాట్లాడాలి.

వర్షాలు, పశువుల దాణా ధరలు మాట్లాడి చివరకు అసలు విషయానికి రావడం మనలో అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. "బాబూ, నీ కాంట్రాక్టు మార్చి 31తో అయిపోతుంది. ఈసారి పొడిగించడం లేదు. యంత్రం వచ్చాక మూడవ మనిషికి పని లేదని నిన్న తీర్మానం చేశాం. నీ పనిలో లోపం వల్ల కాదు" అంటే చాలును. ఈ చివరి మాట నిజమైతేనే అనాలి. పనిపై ఫిర్యాదు ఉంటే యంత్రం మీదకు నెట్టరాదు. యంత్రమే కారణమైతే లేని ఫిర్యాదు తవ్వరాదు. "చూద్దాంలే, తరువాత ఏదో చేద్దాం" అన్నది దయగా వినిపించినా, అతడు దాన్ని వాగ్దానంగానే తీసుకుంటాడు. అన్నట్టు, రోజూ నువ్వు అని పిలిచేవాడిని ఆ రోజు కొత్తగా మీరు అనవలసిన పని లేదు. చనువు మాటలో ఉండనిచ్చి, మర్యాద కాగితంలో చూపవచ్చును.

డబ్బు సంగతి కూడా అప్పుడే చెప్పాలి. జీతం 12,000 రూపాయలు, పండుగ అడ్వాన్సులో బాకీ 2,000 అనుకుంటే, మార్చి నెలకు చేతికి వచ్చేది 10,000. ఈ కోత చివరి రోజున తెలిస్తే మనసు ఎక్కువ నొచ్చుకుంటుంది. మాట అయిన వెంటనే ఉత్తరం ఇవ్వాలి. నమూనా ఇది:

"శ్రీ ............ గారికి, టెస్టరుగా మీ కాంట్రాక్టు మార్చి 31వ తేదీతో ముగుస్తున్నది. యంత్రం ఏర్పాటు వల్ల ఈ పనికి మనిషి అవసరం లేనందున దానిని పొడిగించడం లేదని పాలకవర్గం తీర్మానించినది. మార్చి జీతం 12,000 రూపాయలలో అడ్వాన్సు బాకీ 2,000 పోను 10,000 రూపాయలు, అనుభవ పత్రము ఆ రోజుననే ఇవ్వబడును. మీరు చేసిన సేవకు సంఘం కృతజ్ఞతలు."

అనుభవ పత్రంలో "మా వద్ద పనిచేసినాడు" అని వ్రాస్తే అది ఏ డెయిరీలోనూ అక్కరకు రాదు. గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేయడం, లాక్టోమీటరు చూడడం, శాంపిళ్ళు తీయడం, బల్క్ కూలరులో పాలను 4 డిగ్రీల వద్ద నిలపడం, ఇలా చేసిన పనులన్నీ తేదీలతో వ్రాయాలి. యంత్రం రీడింగు సరిచూడడానికి నేటికీ గెర్బర్ పరీక్షే చేస్తారు గనుక, ఆ పని తెలిసినవాడని వ్రాయడం వేరొక చోట అతనికి ఉపయోగపడుతుంది. పి.ఎఫ్. కడుతున్న సంఘమైతే అతడు మానిన తేదీని పి.ఎఫ్. రికార్డులో నమోదు చేయాలి. లేకుంటే తన సొమ్ము తీసుకోవడంలో అతనికి ఇబ్బంది కలుగుతుంది.

ఆసిడ్ బీరువా తాళాలు, రిజిస్టర్లు చెప్పిన రోజుననే అడిగి తీసుకోరాదు. అలా చేస్తే దొంగను పట్టినట్లు ఊరు చెప్పుకుంటుంది. మార్చి 31 సాయంత్రం సేకరణ అయిన తరువాత జాబితా ప్రకారం లెక్క చూసుకొని, ఇరువురూ సంతకాలు చేసి, జీతము, పత్రము అప్పుడే అతని చేతికివ్వాలి.