కరెంటు మోటారా, సోలార్ పంపా? రెండెకరాల బోరు లెక్క

అనంతపురం జిల్లాలోని మెట్ట భూముల్లో బోరు కింద డ్రిప్పుతో రెండెకరాల టమాటా పండించే రైతుకు కరెంటు ఖరీదు పెద్ద ప్రశ్న కాదు; ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి సేద్యానికి ఉచిత విద్యుత్తు అమల్లో ఉంది, పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అన్న విధానమూ ఉంది. అయితే తీగలో కరెంటు ఉండటం వేరు, అది మోటారును సరిగా తిప్పగలిగే స్థితిలో ఉండటం వేరు కాబట్టి, సోలార్ పంపుతో పోల్చేటప్పుడు యూనిట్ల ధరను పక్కనబెట్టి, పైరుకు కావలసిన నీరు కావలసిన రోజున ఏ పద్ధతిలో అందుతుందన్న లెక్కతోనే మొదలుపెట్టాలి.

ఎదిగిన కూరగాయల పైరు ఎండ రోజుల్లో దినానికి సుమారు 5 మిల్లీమీటర్ల మందాన నీటిని వాడుకుంటుంది. అంటే రెండెకరాలకు డ్రిప్పులో పోయే కొద్దిపాటి నష్టాన్ని కలుపుకొని 45 వేల లీటర్లు కావాలి. బోరులో నీటిమట్టం 45 మీటర్ల లోతున ఉందనుకుంటే, దానికి డ్రిప్పు గొట్టాలు కోరే ఒక కిలో పీడనం, అంటే మరో 10 మీటర్ల ఎత్తు, పైపుల్లో రాపిడికి 5 మీటర్లు కలపగా మొత్తం 60 మీటర్లు అవుతుంది. పంపు పని చేయవలసిన ఈ మొత్తం ఎత్తునే ఇంజనీర్లు హెడ్ అంటారు. ఇంత నీటిని ఇంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన అసలు శక్తి ఏడున్నర యూనిట్లకు లోపే అయినా, మోటారు, పంపు కలిసి తాము తీసుకున్న విద్యుత్తులో నలభై శాతాన్ని మాత్రమే నీటికి అందిస్తాయనుకుంటే, రోజుకు 18 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. ఐదు హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు నిండు వోల్టేజిలో ఈ పనిని నాలుగు గంటల్లో ముగిస్తుంది. తొమ్మిది గంటల సరఫరాలో ఇది సగం కూడా కాదు.

అయినా పైరు ఎండుతున్నదంటే లోపం గంటల్లో కాక వోల్టేజిలో ఉందని అర్థం. మూడు ఫేజుల సేద్యపు మోటారు 415 వోల్టులకు తయారవుతుంది. దాని తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని అనుసరించి మారుతుంది కనుక, ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద వోల్టేజి 320కి పడిపోతే బలం అరవై శాతానికి దిగుతుంది. నీటి భారం మాత్రం దాదాపు అలాగే ఉండటంతో మోటారు వేగం కొంత తగ్గి, ఆ లోటును పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగచుట్టలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. పోయిన సరఫరా తిరిగి వచ్చిన క్షణాన ఆటో స్టార్టర్లు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నిటినీ ఒక్కసారిగా లేపడం దీన్ని మరింత దిగజారుస్తుంది. మొదలయ్యేటప్పుడు ప్రతి మోటారూ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి వోల్టేజి ఇంకా కుంగి, కొన్ని మోటార్లు తిరగలేక మూలుగుతూ ఉండిపోతాయి. ఒక ఫేజు తెగిపోయి మిగిలిన రెండింటి మీదనే మోటారు నడవడం అన్నిటికంటే ప్రమాదకరం. కండెన్సర్ తగిలించి రెండు ఫేజులతోనే నెట్టుకొచ్చే అలవాటు పల్లెల్లో ఉన్నదే గాని, అది మోటారు ఆయుష్షును తెలిసి తెలిసి కోయడమే.

కాలిన వాసన అంత లోతు నుంచి పైకి రాదు. చైన్ పుల్లీ కట్టి, ఇరవై అడుగుల జీఐ పైపులను ఒక్కొక్కటిగా విప్పి, మోటారును పైకి తీసి, రీవైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి పూత దశలోని టమాటాకు జరగవలసిన నష్టం జరిగిపోతుంది. దీన్ని ముందుగా పసిగట్టే మార్గం సులువైనదే: చుట్టుపక్కల మోటార్లన్నీ నడుస్తున్న వేళ స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల వోల్టేజిని కొలవాలి, టంగ్ టెస్టర్‌తో మూడు తీగల్లోని ఆంపియర్లను చూడాలి, అవి ఒకదానికొకటి బాగా తేడాగా ఉన్నా, మోటారు పలకమీద రాసిన అంకెను దాటినా ప్రమాదం దగ్గరపడిందని అర్థం.

సోలార్ పంపులో ఈ జబ్బులేవీ లేవు. పలకల నుంచి వచ్చే విద్యుత్తును కంట్రోలర్ అనే పరికరం, ఎండ తీవ్రతకు తగ్గ వేగంతో మోటారు తిరిగేలా మలచి పంపుతుంది. మోటారు మెల్లగా మొదలవుతుంది, లో వోల్టేజి ప్రసక్తే ఉండదు. ఐదు హార్స్‌పవర్ పంపుకు సాధారణంగా 4.8 కిలోవాట్ల పలకలు అమరుస్తారు కాబట్టి, అనంతపురం వంటి చోట మంచి ఎండ రోజున 19 యూనిట్ల దాకా చేతికి వస్తాయి, అంటే పైన చెప్పిన అవసరానికి బొటాబొటిగా సరిపోతాయి.

అయితే అమ్మకందారు కాగితాల్లో కనిపించని చిక్కు ఇక్కడే ఉంది. సెంట్రిఫ్యూగల్ పంపు నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదన్నది దాని వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది, అది లాగే శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది; అందువల్ల లోతు బోరులో వేగం ఒక హద్దు దాటేవరకు, మోటారు తిరుగుతున్నా పొలంలోకి చుక్క నీరు రాదు. ఎండ మధ్యాహ్నపు స్థాయిలో మూడో వంతుకో సగానికో చేరేదాకా ఈ హద్దు దాటదు కాబట్టి, నికరమైన నీరు ఉదయం బాగా పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నం మూడు దాటగానే సన్నగిల్లుతుంది. పీడనం చాలనప్పుడు డ్రిప్పు గొట్టాల చివరి మొక్కలు ఎండుతాయి. పొలాన్ని రెండు మూడు వాల్వులుగా విడగొట్టి, ఎండ పలుచగా ఉన్నప్పుడు ఒకదాన్నే తెరవడం దీనికి మందు. రాయలసీమలో జూలై మబ్బులు వానను తేకుండా వెలుగును మాత్రం తగ్గిస్తాయి. విత్తిన వేరుశనగ తడి కోసం ఎదురుచూసే ఆ రోజుల్లోనే సోలార్ నీరు తగ్గడం ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది.

వేసవిలో నీటిమట్టం 75 మీటర్లకు దిగితే లెక్క తలకిందులవుతుంది. మొత్తం హెడ్ 90 మీటర్లయి రోజు అవసరం 27 యూనిట్లు దాటుతుంది. ఆ లోతుకు తగిన పంపు ఉంటే కరెంటు మీద ఆరు గంటలు నడిపి ఈ నీటిని తీయవచ్చు గాని, పలకల నుంచి వచ్చే 19 యూనిట్లను పెంచే దారి లేదు. అందుకే సోలార్ పంపును ఎంచుకునేటప్పుడు బోరు వేసిన నాటి మట్టాన్ని కాక, మే నెలలో పంపు నడుస్తుండగా నిలిచే మట్టాన్ని కొలిచి చెప్పాలి. నిర్వహణలోనూ తేడా ఉంది: మోటారు కాలితే మండల కేంద్రంలోనే మెకానిక్ దొరుకుతాడు, కంట్రోలర్ చెడిపోతే కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగాలి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో కేంద్రం, రాష్ట్రం చెరో ముప్పై శాతం భరించగా రైతు వాటా నలభై శాతమే అయినా, ఆ నలభై శాతం చిన్న మొత్తం కాదు.

కాబట్టి ఇప్పటికే కనెక్షన్ ఉండి, పగలు ఐదారు గంటలైనా 380 వోల్టులకు తగ్గని సరఫరా వచ్చే చోట సోలార్ మీద డబ్బు పెట్టనక్కర లేదు. ఫేజు తెగినా వోల్టేజి తగ్గినా మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను బిగించి, ఆటో స్టార్టర్‌ను తీసేస్తే సరిపోతుంది. కొత్తగా స్తంభాలు వేయించుకోవలసిన పొలంలో, లేదా మోటారు ఏటా కాలే లైను చివరి పొలంలో, మే నెల హెడ్ 60 మీటర్ల లోపు ఉంటే సోలారే మేలు. హెడ్ అంతకంటే ఎక్కువ ఉన్నవారు మాత్రం రెండింటితోనూ నడిచే కంట్రోలర్‌ను పెట్టించుకొని, ఉన్న కరెంటు కనెక్షన్‌ను వదులుకోకుండా ఉంచుకోవాలి.