బ్రోకరు ఏం చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు

ఇల్లు కొన్నవారు బ్రోకరు గురించి రాసే రివ్యూలు ఎక్కువగా రెండు రకాలుగా ఉంటాయి. ‘మంచి మనిషి, ఓపికగా పది ఫ్లాట్లు చూపించాడు’ అనేది ఒకటి, ‘మోసగాడు, జాగ్రత్త’ అనేది రెండోది. తర్వాత కొనబోయే మనిషికి ఈ రెండూ అక్కరకు రావు. మర్యాదగా మాట్లాడటం బ్రోకరు వృత్తిలోనే ఉంది కాబట్టి మొదటిది కొత్తగా ఏమీ చెప్పదు. రెండో దానిలో కోపం కనిపిస్తుంది కానీ, ఆ కోపానికి కారణం బ్రోకరా, అమ్మిన మనిషా, బ్యాంకా అన్నది తేలదు. పనికొచ్చే రివ్యూ చెప్పాల్సింది ఒకటే: బ్రోకరుకు తెలిసిన సంగతి కొనేవారికి ఏ రోజున చెప్పాడు, అప్పటికి కొనేవారి చేతి నుంచి ఎంత డబ్బు వెళ్లిపోయింది.

హైదరాబాద్‌లో పాత ఫ్లాటు చేతులు మారే తీరు చూస్తే ఈ తేదీల విలువ అర్థమవుతుంది. ముందు ఫ్లాటు చూడటం, ధర కుదరడం. వెంటనే టోకెన్ అడ్వాన్సు. కొద్ది రోజులకు అగ్రిమెంటు, దాంతో పాటు పెద్ద మొత్తం. ఆ తర్వాత బ్యాంకు లోను, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్. ఒక్కో మెట్టు ఎక్కుతున్న కొద్దీ వెనక్కి తగ్గడం ఖరీదవుతుంది. టోకెన్‌కు ముందు చెప్పిన లోపం ధర తగ్గించుకోవడానికి పనికొస్తుంది. అగ్రిమెంటు అయ్యాక చెప్పిన అదే లోపం గొంతులో పచ్చి వెలక్కాయ అవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లి వైపు పన్నెండేళ్ల నాటి అపార్టుమెంటులో మూడో అంతస్తు, రెండు పడక గదుల ఫ్లాటు, ధర 72 లక్షలు అనుకుందాం. ఫిబ్రవరిలో లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చారు, మార్చిలో అగ్రిమెంటు, ఏప్రిల్ చివర రిజిస్ట్రేషన్ అయ్యాయి. గోడలకు కొత్త రంగు, గదుల నిండా వెలుతురు. జూలైలో వానలు ముదిరాక బాత్‌రూమ్ పక్క పడకగది గోడ ఉబ్బింది, రంగు పెచ్చులూడింది. పై ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి నీరు దిగుతోందని ప్లంబరు తేల్చాడు. ఆ గదిలో పిల్లలకు జలుబు వదలక అంతకుముందు అద్దెకున్న కుటుంబం ఖాళీ చేసిందని పక్కింటివారు చెప్పారు. ఆ కుటుంబాన్ని అద్దెకు తెచ్చిందీ, ఖాళీ చేసేటప్పుడు వారి అడ్వాన్సు లెక్క తేల్చిందీ ఈ బ్రోకరే.

ఈ చివరి వాక్యమే రివ్యూకు ప్రాణం. గోడలో చెమ్మ ఉండటం బ్రోకరు తప్పు కాదు. దాని గురించి అతనికి తెలుసా అన్నదే ప్రశ్న. తెలుసనడానికి ఆధారాలు సాధారణంగా ఇలాంటివే: అదే ఫ్లాటును ముందు అద్దెకు ఇప్పించి ఉంటాడు, అదే అపార్టుమెంటులో ఇంకోటి అమ్మించి ఉంటాడు, రంగులు వేసే మనిషిని తనే పంపి ఉంటాడు. ఇవేవీ లేకుండా ‘తెలిసే దాచాడు’ అని రాస్తే అది ఊహ మాత్రమే. అలాగే వంటగది చీకటిగా ఉండటం, పక్కన రైలు పట్టాలు ఉండటం కొనేవారి కంటికి కనబడేవే. వాటిని చెప్పలేదని బ్రోకరును నిందించే రివ్యూ తన విలువను తానే తగ్గించుకుంటుంది. ఆస్తి బదిలీ చట్టం (1882) కూడా ఇంచుమించు ఇదే గీత గీస్తుంది. మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తెలిసి ఉంటే బయటపెట్టాల్సిన బాధ్యత అమ్మేవారిదని 55వ సెక్షన్ చెబుతుంది. అక్కడ పేర్కొన్నది అమ్మేవారినే, బ్రోకరును కాదు. అందువల్ల అమ్మిన మనిషి దాచిందేది, బ్రోకరు దాచిందేది అని రివ్యూలో విడదీసి చెప్పాలి.

కాగితాల్లోని లోపాలకూ ఇదే కొలత. హైదరాబాద్‌లో బహుళ అంతస్తుల భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణ విస్తీర్ణంలో పది శాతాన్ని పురపాలక సంస్థ తనఖా పెట్టించుకుంటుంది. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే దాన్ని విడుదల చేస్తుంది. బిల్డరు ప్లాను దాటి కట్టి ఊరుకుంటే ఆ తనఖా అలాగే ఉండిపోతుంది. అది ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, అందరూ ఈసీ అనే కాగితంలో కనిపిస్తుంది. బ్రోకరు ఈసీ తీసి ఇచ్చాడా లేదా అన్నది ఒక సంగతి. అందులోని ఆ పంక్తిని చూపించి ఇదీ విషయం అన్నాడా, లేక ‘అది మామూలే సార్, ఈ లైనులో ఓసీ ఎవరికుంది’ అని దాటవేశాడా అన్నది అసలు సంగతి. పార్కింగ్ కూడా అంతే. ‘కిందున్న ఆ చోటు మీదే’ అని నోటితో చెప్పి, సేల్ డీడ్‌లో ఆ మాట లేకపోతే కారు పెట్టిన మొదటి రోజే గొడవ మొదలవుతుంది.

తెలివైన కొనుగోలుదారు టోకెన్ ఇవ్వకముందే నాలుగు ప్రశ్నలు ఫోన్ సందేశంగా పంపి జవాబు రాతలో తీసుకుంటాడు. గోడల్లో చెమ్మ ఉందా, వేసవిలో బోరు ఆగుతుందా, పార్కింగ్ డీడ్‌లో ఉందా, మెయింటెనెన్సు బకాయిలున్నాయా? జవాబు తప్పయితే రివ్యూకు ఆధారం దొరికినట్టే. జవాబే రాకుండా ఫోన్ చేసి మాట్లాడితే అదీ చెప్పుకోదగ్గ విషయమే.

కమీషన్ దగ్గర గొడవ ఎక్కువగా మొత్తం గురించి కాదు, మాట మారడం గురించి. పాత ఇళ్ల అమ్మకంలో ఇంత తీసుకోవాలని చట్టం నిర్ణయించిన రేటు లేదు. హైదరాబాద్‌లో కొనేవారి నుంచి ఒక శాతం, అమ్మేవారి నుంచి ఒక శాతం అడగడం తరచుగా వినిపించే లెక్క. స్థలాల విషయంలో రెండు శాతం అడిగేవారూ ఉన్నారు. కూకట్‌పల్లి ఫ్లాటుకు ఒక శాతం అనుకుంటే 72 వేలు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున, అందరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో కూర్చున్నప్పుడు, బ్రోకరు ఒకటిన్నర శాతం అడిగాడనుకుందాం. ‘లోను పని కూడా నేనే చూశా కదా’ అన్నాడు. 1,08,000 రూపాయలు, అంటే 36 వేలు అదనం. ఆ గంటలో కాదనడం కష్టం, ఆ గంటను అతను ఎంచుకున్నది అందుకే. లోను ఇప్పించినందుకు ఏజెంట్లకు బ్యాంకులు విడిగా కమీషన్ ఇవ్వడం మామూలేనని చాలామంది కొనుగోలుదారులకు తెలియదు. రివ్యూలో రాయాల్సింది ఇంతే: మొదట అనుకున్నది ఎంత, ఏ రోజు అనుకున్నారు, చివర అడిగింది ఎంత, ఏ రోజు అడిగాడు, ఎంత ఇచ్చారు, రసీదు ఇచ్చాడా. జీఎస్టీ అడిగితే అతని రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బిల్లు ఇచ్చాడా అన్నదీ రాయాలి. నంబరు లేకుండా పన్ను పేరుతో తీసుకున్న 18 శాతం పన్ను కిందికి రాదు.

అంతకంటే లోతైన సమస్య కనబడని కమీషన్. అమ్మేవారితో 70 లక్షలకు మాట్లాడుకుని, కొనేవారికి 72 చెప్పి, మధ్యలో రెండు లక్షలు తను ఉంచుకోవడం ఈ వ్యాపారంలో పాత పద్ధతే. దీన్ని బయటి నుంచి రుజువు చేయడం దాదాపు అసాధ్యం, కానీ ఆనవాళ్లుంటాయి. ఇద్దరినీ అగ్రిమెంటు రోజు దాకా కలవనివ్వడు. కలిసినా ధర మాట ఎత్తితే మధ్యలో దూరతాడు. టోకెన్ రసీదు మీద ఇంటి యజమాని సంతకం బదులు తన సంతకం పెడతాడు. అమ్మేవారు అమెరికాలో ఉండి ఇక్కడ ఎవరికో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంటే ఈ తెర ఇంకా మందంగా ఉంటుంది. తెలుగువారి ఆస్తుల్లో ఇది అరుదేమీ కాదు. రివ్యూలో రెండు లక్షలు తిన్నాడని రాయకూడదు, కంటితో చూసిన ఆనవాలు రాయాలి. చదివేవారు మిగతాది తామే అర్థం చేసుకుంటారు.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం దాని నుంచి మినహాయింపు పొందుతుంది. ‘ఫలానా తేదీన ఒక శాతం అన్నారు, ఫలానా తేదీన ఒకటిన్నర అడిగారు’ అన్న వాక్యం వెనుక సందేశాలు, బ్యాంకు లావాదేవీలు నిలబడతాయి. ‘దొంగ’ అన్న మాట వెనుక ఏదీ నిలబడదు.

రిజిస్ట్రేషన్ తర్వాత బ్రోకరు ఎంతవరకు వెంట ఉండాలన్నది మాట్లాడుకున్న దాన్ని బట్టి ఉంటుంది. కరెంటు మీటరు పేరు మార్పు, అసోసియేషన్ నుంచి బకాయి లేదన్న కాగితం, అమ్మేవారి దగ్గరున్న పాత లింకు డాక్యుమెంట్లు, ఈ మూడూ చేతికి వచ్చేదాకా ఫోన్ ఎత్తే బ్రోకరును మంచివాడనే చెప్పాలి. డాక్యుమెంట్లు ఆలస్యమైతే తప్పు ఎవరిదో చూడాలి. అమ్మిన మనిషికి లోను ఉండి, అది తీరిపోయాక కాగితాలు బ్యాంకు నుంచి రావాల్సి ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకుకు 30 రోజుల గడువుంది. దాటితే రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణం తీసుకున్నవారికి చెల్లించాలి. ఆ 30 రోజుల లోపల బ్రోకరును ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

రివ్యూ రాసే కాలం కూడా ముఖ్యమే. గృహప్రవేశం జరిగిన వారంలో అందరూ సంతోషంగానే ఉంటారు. కూకట్‌పల్లి ఫ్లాటు కొన్నవారు మే నెలలో రాసి ఉంటే బ్రోకరుకు అయిదు నక్షత్రాలు వచ్చేవి. ఒక వానాకాలం గడిచాక రాసిన మాటకు బరువెక్కువ. ఇంకా బరువైనది, కొనకుండా వదిలేసినవారి మాట. టోకెన్ ఇచ్చాక కాగితాల్లో లోపం బయటపడి వెనక్కి తగ్గినవారికి ఆ డబ్బు ఎన్ని రోజులకు వచ్చింది, ఎన్ని ఫోన్లు చేస్తే వచ్చింది అన్నది ఏ ప్రశంసా చెప్పలేని సంగతి చెబుతుంది. కానీ కొనలేదు కాబట్టి తమకు రివ్యూ రాసే హక్కు లేదని వారు అనుకుంటారు, ఆ అనుభవం వారితోనే ఆగిపోతుంది.

బ్రోకరుకు రెరా నమోదు ఉందో లేదో కూడా ఒక వాక్యంలో రాయాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదైన కొత్త ప్రాజెక్టుల్లో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు తానూ నమోదు కావాలి. అబద్ధపు మాటలతో అమ్మితే, అవి నోటితో చెప్పినవైనా, అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఎప్పుడో పూర్తయిన పాత ఫ్లాటు అమ్మకం సాధారణంగా ఆ పరిధిలోకి రాదు. అందుకే ఇలాంటి కొనుగోళ్లలో తోటి కొనుగోలుదారుల మాటే ఎక్కువగా ఆధారమవుతుంది.

రాసింది ప్రచారంలో పెట్టే ముందు బ్రోకరుకు ఒకసారి పంపి, వారం రోజులు ఆగి, అతని జవాబును కూడా కలపడం మంచి పద్ధతి. కూకట్‌పల్లి ఫ్లాటు బ్రోకరు పై ఇంటివారితో మాట్లాడి, బాత్‌రూమ్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఖర్చులో సగం తాను పెట్టుకున్నాడనుకుందాం. అప్పుడు పాత వాక్యాలను కొట్టేయనక్కర్లేదు. వాటి కిందనే తేదీ వేసి ఈ సంగతీ చేర్చాలి.