నాలుగు కార్డులు, ఒక ఉత్తరం

ఎనిమిదో తరగతి పిల్లలు ఆ శుక్రవారం ఇంటికి తెచ్చిన కాగితం ఫీజుల గురించీ కాదు, సెలవుల గురించీ కాదు. వచ్చే వారం నుంచి శనివారం చివరి గంట తర్కపు పజిళ్లకు కేటాయిస్తున్నామని, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నానని లెక్కల మాష్టారు తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం అది. మొదటి పేరా ముగిసీ ముగియకముందే ఆయన చదివేవాళ్లకే ఒక పరీక్ష పెట్టారు.

బల్ల మీద నాలుగు కార్డులున్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటాయి. మనకు కనిపించేవి అ, క, 4, 7. ఒకాయన వచ్చి, ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు తప్పకుండా సరిసంఖ్య ఉంటుంది’ అన్నాడు. ఆయన మాట నిజమో కాదో తేల్చాలంటే ఏయే కార్డులు తిప్పి చూడాలి? అనవసరంగా ఒక్కటి కూడా తిప్పకూడదు.

చాలామంది ‘అ’నూ 4నూ తిప్పమంటారు. అందులో సగమే సరి. ‘అ’ను తిప్పాల్సిందే, వెనక బేసి సంఖ్య ఉంటే ఆయన మాట తప్పని తేలిపోతుంది. 4 వెనక ‘ఇ’ ఉంటే మాట నిలిచినట్టే. ‘ట’ ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే హల్లు వెనక ఏముండాలో ఆయన అసలు చెప్పనేలేదు. అంటే 4ను తిప్పినా కొత్తగా తెలిసేదేమీ లేదు. ‘క’ సంగతీ అంతే. మిగిలింది 7. దాని వెనక అచ్చు కనిపిస్తే మాట అక్కడికక్కడే కూలిపోతుంది. కాబట్టి తిప్పాల్సినవి ‘అ’, 7.

ఇది మాష్టారు సొంతంగా అల్లినది కాదు. ఇంగ్లండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1966లో ప్రచురించిన పరీక్షకు ఆయన తెలుగు అక్షరాలు తొడిగారు, అంతే. వేసన్ ప్రయోగాల్లో సరైన రెండు కార్డులనూ ఎంచుకున్నవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. తెలివి తక్కువై తప్పు చేయడం లేదు వాళ్లు. ఒక మాట విన్నాక దాన్ని బలపరిచే సాక్ష్యం వైపే మన చూపు వెళ్తుంది. దాన్ని పడగొట్టగల సాక్ష్యం కోసం వెతకాలన్న ఆలోచన దానంతటదిగా రాదు.

మాష్టారి బాధ ఇక్కడే ఉంది. ఏటా జవాబు పత్రాల్లో ఆయనకు ఎదురయ్యే పొరపాటు కూడా ఇదే. 9తో భాగించగలిగే ప్రతి సంఖ్యనూ 3తో భాగించవచ్చని తరగతిలో చెబుతారు. పరీక్షలో 3తో భాగించగలిగితే 9తోనూ భాగించవచ్చా అని అడిగితే, చాలామంది అవునని రాసేస్తారు. 6ను ఒక్కసారి వేసి చూస్తే తేలిపోయే విషయం. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమేనని చదివినవాళ్లు ప్రతి దీర్ఘచతురస్రమూ చతురస్రమేనని తిరగేసి అప్పజెబుతారు. సూత్రం కంఠస్థమే, కానీ ‘అయితే’కు ఇవతల ఏముందో, అవతల ఏముందో చూడలేదు. అదనపు తరగతి పెట్టి అవే లెక్కలు మళ్లీ చేయిస్తే ఈ తప్పు పోవడం లేదని ఆయన అనుభవం.

ఉత్తరంలో రెండో కథ రోడ్డు మీద జరుగుతుంది. బండి నడిపితే లైసెన్సు ఉండాలి, ఇదీ నియమం. కూడలిలో పోలీసుకు నలుగురు కనబడ్డారు. ఒకడు బండి మీద ఉన్నాడు, ఒకడు నడిచి వెళ్తున్నాడు. మూడోవాడి దగ్గర లైసెన్సు ఉందని తెలుసు, నాలుగోవాడి దగ్గర లేదని తెలుసు. ఆ ఇద్దరూ దేని మీద వచ్చారో మాత్రం తెలియదు. ఎవరిని ఆపి అడగాలి? బండి మీదున్నవాణ్ని, లైసెన్సు లేనివాణ్ని. ఇంట్లో బామ్మను అడిగినా ఇదే చెబుతుంది. నిజానికి ఇదీ కార్డుల లెక్కే. 1982లో అమెరికాలో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాగే మద్యం తాగే వయసు నియమంతో పరీక్ష పెడితే నలుగురిలో దాదాపు ముగ్గురు సరిగ్గా చెప్పారు. తెలిసిన బతుకులో చురుగ్గా నడిచే బుర్ర అక్షరాలూ అంకెలూ చూడగానే తడబడుతుంది. రోడ్డు మీది ఆలోచనను నల్లబల్ల దాకా తీసుకురావడమే ఆ శనివారపు గంటలో జరగాల్సిన పని.

మరి పజిళ్లు చేస్తే మార్కులు పెరుగుతాయా? తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదేనని ఆయనకు తెలుసు. పెరుగుతాయని మాట ఇవ్వలేనని సూటిగానే రాశారు. అలా రాయడానికి ఆధారమూ ఉంది. 1986లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, కళాశాలలో ఒక సెమిస్టరంతా తర్కశాస్త్రం చదివినవాళ్లు కూడా ఈ కార్డుల పరీక్షలో చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. అనుమతులు, షరతుల లాంటి తెలిసిన సందర్భాలతో కలిపి నేర్పినప్పుడు మాత్రం ఫలితం కనిపించింది. అందుకే మాష్టారు ఒక ఏర్పాటు చేశారు. ప్రతి పజిలు చివరా పాఠ్యపుస్తకంలోంచి ఒక వాక్యం తీసి, అదే పద్ధతిలో పరీక్షిస్తారు. కార్డులు తిప్పిన రోజున 9, 3ల భాజనీయత వస్తుంది. ఈ ముడి వేయకపోతే పజిలు పజిలుగానే మిగిలిపోతుంది. సుడోకులో ఆరితేరినవాడు సుడోకులోనే ఆరితేరతాడు.

గంట ఎలా గడుస్తుందో కూడా వివరంగా రాశారు. మొదటి పది నిమిషాలు ఎవరి పుస్తకంలో వాళ్లు, మాట్లాడకుండా. తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి కారణం ఒకరికి చెప్పుకోవాలి. చివర బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు జవాబు కంటే ముందు కారణం చెప్పాలి. తప్పు దారిని చెరిపేయకూడదు. ఒక గీత కొట్టి, ఎక్కడ బెడిసిందో పక్కన రాయాలి. మార్కులు లేవు.

ఇందులో చెడిపోయే చోటు ఒకటుంది. చురుకైన ఇద్దరు ముగ్గురు జవాబు అరిచేస్తే మిగతా నలభైమందికి ఆ గంట అక్కడితో అయిపోయినట్టే. ముందే విన్న పజిలైతే మరీను. పులి, మేక, గడ్డిమోపు కథ తెలియని ఇల్లుండదు. పడవలో మనిషితో పాటు ఒక్కటే పడుతుంది, మనిషి పక్కన లేకపోతే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. మూడింటినీ ఏరు దాటించాలి. తోడేలు, మేక, క్యాబేజీలతో ఇదే లెక్క సుమారు 1,200 ఏళ్ల కిందట ఐరోపాలో ఆల్క్విన్ పేరు మీద ప్రచారంలో ఉన్న లాటిన్ సంకలనంలో ఉంది. కథ తెలిసిన పిల్లవాడు గడగడా అప్పజెబుతాడు. అది ఆలోచనా, జ్ఞాపకమా? మాష్టారు ఒక్క ప్రశ్న వేస్తారు: ఇంకో దారి ఉందా? కంఠస్థం చేసినవాడు అక్కడ ఆగిపోతాడు. ఆలోచించినవాడు మొదట మేకనే దాటించక తప్పదని, రెండోసారి పులిని తీసుకెళ్లినా గడ్డిని తీసుకెళ్లినా ఫరవాలేదని, ఏది తీసుకెళ్లినా మేకను మాత్రం ఒకసారి వెనక్కి తేవాల్సిందేనని చెబుతాడు. ఎలా వెళ్లినా ఏడుసార్లు దాటాలి. తెచ్చిన మేకను మళ్లీ వెనక్కి తీసుకుపోవడానికి పిల్లలకు మనసొప్పదు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

గణితం బోధనలో పజిళ్లను, ఆటలను క్రమం తప్పకుండా వాడాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఆ సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యంలో ఉంది. మిగిలిన చోటంతా ఆయన తల్లిదండ్రులకు ఒక విన్నపానికే వాడుకున్నారు. పిల్లలు పజిలు ఇంటికి తెస్తే ఫోనులో వెతికి జవాబు చూపించవద్దు. తెలిసినా చెప్పవద్దు. ‘అది తప్పని తేలాలంటే ఏం జరగాలి?’ అని మాత్రం అడగండి. పిల్లలు తడుముకుంటుంటే కాసేపు అలాగే ఉండనివ్వండి.

కాగితం అడుగున సంతకానికి చోటుంది. దాని కింద చేత్తో రాసిన ఒక వాక్యం: మొదటి శనివారం నాలుగు కార్డులూ బల్ల మీదే ఉంటాయి, వీలున్న తల్లిదండ్రులు వచ్చి వెనక బెంచీలో కూర్చోవచ్చు.